తేదీలున్న రాజీనామా

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇప్పుడు రాజీనామా అంటే పోర్టల్‌లో నొక్కే ఒక బటన్. దాని పక్కనే కారణాల జాబితా ఉంటుంది: మెరుగైన అవకాశం, పై చదువు, కుటుంబ పరిస్థితులు, వ్యక్తిగత కారణాలు. పై అధికారి వేధింపు తట్టుకోలేక వెళ్లిపోతున్నవారికి సరిపడే కారణం ఆ జాబితాలో సాధారణంగా కనిపించదు. అందుకే చాలామంది ‘వ్యక్తిగత కారణాలు’ ఎంచుకుని, కింద ఖాళీలో ‘ఈ సంస్థ నాకు ఎంతో నేర్పింది, కృతజ్ఞతలు’ అని మర్యాద కొద్దీ రాసి బయటపడతారు. కొద్దిమంది మాత్రం అందుకు పూర్తిగా భిన్నంగా, నాలుగు పేజీల మెయిల్ రాసి, అందులో మేనేజర్‌ను నానా మాటలూ అని, టీమ్ మొత్తానికి కాపీ పెడతారు. ఏడాది తర్వాత వ్యవహారం కార్మిక అధికారి ముందుకో కోర్టుకో చేరితే ఈ రెండు కాగితాలూ రాసినవారికే ఎదురు తిరుగుతాయి. మొదటిదాన్ని చూపించి ‘సంతోషంగానే వెళ్లారు కదా’ అంటారు. రెండోదాన్ని చూపించి ‘ఈ మనిషితో ఎవరు పనిచేయగలరు’ అంటారు. రాజీనామా లేఖ కొత్తగా ఏ హక్కునూ సృష్టించదు, కానీ ఉన్న హక్కును పోగొట్టగలదు. లేఖలో ఏం రాయాలి, ఏం రాయకూడదు అన్న ప్రశ్నకు జవాబు ఈ ఒక్క విషయం అర్థమైతే చాలావరకు దొరుకుతుంది.

చట్టం దృష్టిలో రాజీనామా అంటే ఉద్యోగి తనంతట తాను, తన ఇష్టంతో బంధం తెంచుకోవడం. ఇష్టం అన్నది అందులో కీలకం. ఇష్టపూర్వకంగా ఇచ్చిన రాజీనామా రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదని జె.కె. కాటన్ మిల్లు కేసులో సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. అంటే తొలగింపుకు ఉండే నోటీసు, పరిహారం, విచారణ లాంటి రక్షణలేవీ రాజీనామాకు వర్తించవు. సంతకం నాదే కానీ ఇష్టం నాది కాదు అనేవారు ఆ మాటను తామే రుజువు చేసుకోవాలి. సంతకం ఉన్న కాగితం కంపెనీ దగ్గర ఉంటుంది. ఇష్టం లేదనడానికి సాక్ష్యం మాత్రం ఉద్యోగి దగ్గర ఉండాలి. పైకి రాజీనామాలా కనిపించేది నిజానికి తొలగింపేనని న్యాయస్థానాలు ఒప్పుకున్న సందర్భాలు లేకపోలేదు. అయితే అవి ఒప్పుకున్నది లేఖలోని ఆవేదన చూసి కాదు, లేఖకు ముందు వరుసగా జరిగిన ఘటనలను చూసి.

దీనికి మన దేశంలో అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక మహిళా న్యాయాధికారి కేసు. తీర్పులో ఆమె పేరు గోప్యంగా ఉంచారు. గ్వాలియర్‌లో అదనపు జిల్లా, సెషన్స్ జడ్జిగా పనిచేస్తున్న ఆమెను 2014 జులై 8న సీధీకి బదిలీ చేశారు. విద్యా సంవత్సరం అప్పటికే మొదలైంది. కూతురు పన్నెండో తరగతి చదువుతోంది. ఆ చదువు పూర్తయ్యేదాకా తనను గ్వాలియర్‌లోనే ఉంచమని ఆమె వినతి పెట్టుకున్నారు, తిరస్కరించారు. అది కుదరకపోతే పాపకు చదువు దొరికే మరో చోటికైనా పంపమని రెండో వినతి పెట్టుకున్నారు, అదీ తిరస్కరించారు. జులై 15న ఆమె రాజీనామా చేశారు. రెండు రోజుల్లో, 17న, దాన్ని ఆమోదించారు. బదిలీ ఉత్తర్వుకూ రాజీనామా ఆమోదానికీ మధ్య పది రోజులైనా లేవు. ఆ తర్వాత ఆగస్టు మొదట్లో ఆమె రాష్ట్రపతికీ, భారత ప్రధాన న్యాయమూర్తికీ రాస్తూ ఒక హైకోర్టు న్యాయమూర్తి తనను లైంగికంగా వేధించారని ఆరోపించారు. న్యాయమూర్తుల విచారణ చట్టం కింద కమిటీ ఏర్పడింది. 2017 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో ఆ కమిటీ వేధింపు ఆరోపణ సందేహాతీతంగా రుజువు కాలేదంది. కానీ బదిలీ సక్రమంగా జరగలేదనీ, గత్యంతరం లేకనే ఆమె రాజీనామా చేశారనీ, తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవడం న్యాయమనీ అదే నివేదిక అభిప్రాయపడింది. పరిశీలించమని సుప్రీంకోర్టు సూచించినా హైకోర్టు ఫుల్‌కోర్టు ఒప్పుకోలేదు. చివరికి 2022 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది. ఆ రాజీనామా ఇష్టపూర్వకం కాదని, 2014 జులై 15 నుంచి సర్వీసు కొనసాగినట్టే భావించి ఆమెను తిరిగి నియమించాలని ఆదేశించింది. మధ్యకాలపు జీతం మాత్రం ఇవ్వలేదు.

ఈ తీర్పులో ఉద్యోగులు గమనించాల్సింది, ఆమె దేనివల్ల గెలిచారన్నది. వేధింపు జరిగిందా లేదా అన్న ప్రశ్న జోలికి తాము వెళ్లడం లేదని ధర్మాసనం ముందే చెప్పేసింది. కోర్టు చూసింది తేదీలను. బదిలీ ఎప్పుడు, ఆ బదిలీ శాఖ తన సొంత మార్గదర్శకాలకే విరుద్ధమా, వినతులు ఎప్పుడు పెట్టుకున్నారు, ఎంత త్వరగా కొట్టేశారు, ఆ తర్వాత ఎన్నాళ్లకు రాజీనామా వచ్చింది అన్నవి చూసింది. ఆమె దగ్గర ఆ రెండు వినతులు లేకపోయి ఉంటే, బదిలీ అయిన వారానికి ఒక న్యాయాధికారి ఏదో అలకతో ఉద్యోగం వదిలేశారనే కథ మిగిలేది. ఎవరూ సాక్ష్యం చెప్పలేని నాలుగు గోడల మధ్య వ్యవహారం రుజువు కాకపోయినా, కాగితం మీదున్న వారం రోజుల వరుస ఆమెను నిలబెట్టింది. ఏడున్నరేళ్లు పట్టిందన్న సంగతి, పైగా ఆమె స్వయంగా న్యాయాధికారి అన్న సంగతి కూడా మరచిపోకూడదు.

‘ప్రతికూల పని వాతావరణం’ అన్న మాట సంగతి కూడా తేల్చుకోవాలి. ఇంగ్లిషులో ‘హోస్టైల్ వర్క్ ఎన్విరాన్‌మెంట్’ అంటూ ఈ మధ్య ప్రతి రాజీనామాలోనూ వాడుతున్న ఈ మాట మన చట్టాల్లో ఎక్కడపడితే అక్కడ లేదు. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, అంటే అందరూ పోష్ అని పిలిచేది, మూడో సెక్షన్‌లో దాన్ని పేర్కొంటుంది. లైంగిక వేధింపుతో ముడిపడి బెదిరించే, అవమానించే, పనికి అడ్డుపడే ప్రతికూల వాతావరణం సృష్టించడం కూడా వేధింపే కావచ్చంటుంది. 1997 నాటి విశాఖ తీర్పు నుంచి వచ్చిన ఆలోచన అది. అంతకు మించి, మేనేజర్ రోజూ అందరి ముందు అరవడం, అర్ధరాత్రి కాల్స్ చేయడం, సెలవు అడిగితే వెక్కిరించడం లాంటి సాధారణ వేధింపుకు ప్రైవేటు ఉద్యోగుల కోసం ప్రత్యేక చట్టమేదీ మనకు లేదు. కాబట్టి ఒక పురుష ఉద్యోగి కేవలం ‘ఇక్కడి వాతావరణం ప్రతికూలంగా ఉంది’ అని రాస్తే ఆ వాక్యం ఏ చట్టపు తలుపునూ తట్టదు. ‘ఫలానా తేదీన హెచ్‌ఆర్ గదికి పిలిచి, సాయంత్రంలోగా రాజీనామా చేయకపోతే తొలగిస్తామనీ, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వమనీ చెప్పారు’ అని రాస్తే అది బలవంతపు రాజీనామా వాదనకు పునాది. విశేషణానికి బదులు ఘటన రాస్తే ఏ చట్టం వర్తిస్తుందో తర్వాత న్యాయవాది చూసుకుంటారు. విశేషణం మాత్రమే రాస్తే ఎంత గొప్ప న్యాయవాది అయినా దాన్నుంచి ఏమీ పిండలేరు.

అన్నిటికన్నా ఎక్కువ మంది దెబ్బతినేది గడువు దగ్గర. పోష్ చట్టం కింద ఫిర్యాదు ఘటన జరిగిన మూడు నెలల్లోగా అంతర్గత కమిటీకి చేరాలి. వరుస ఘటనలైతే చివరిదాని నుంచి లెక్క. తగిన కారణం ఉంటే కమిటీ ఆ కారణాన్ని రాతలో పెట్టి మరో మూడు నెలలు ఇవ్వవచ్చు, అంతకు మించి వీల్లేదు. ఇప్పుడు మన ఐటీ కంపెనీల్లో నోటీసు పీరియడ్ ఎంతో చూడండి. చాలాచోట్ల తొంభై రోజులు. ‘ముందు రిలీవింగ్ లెటర్ చేతికి రానీ, ఆ తర్వాత ఫిర్యాదు చేద్దాం’ అని ఆగేవారికి ఆ ఆగడంలోనే చట్టమిచ్చిన మూడు నెలలూ కరిగిపోతాయి. ఇది ఎంత కఠినంగా పనిచేస్తుందో కోల్‌కతాలోని న్యాయ విశ్వవిద్యాలయం కేసులో తేలింది. అక్కడ వైస్ చాన్సలర్ మీద ఒక అధ్యాపకురాలు ఆరోపించిన చివరి వేధింపు ఘటన 2023 ఏప్రిల్‌లో జరిగింది. ఫిర్యాదు వచ్చింది డిసెంబరులో. మధ్యలో ఆమెను ఒక కేంద్రం డైరెక్టర్ బాధ్యత నుంచి తప్పించారు, అదీ వేధింపుకు కొనసాగింపేనని ఆమె వాదించారు. అది పాలనాపరమైన నిర్ణయం, లైంగిక వేధింపులో భాగం కాదని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చి, ఫిర్యాదు గడువు దాటిందన్న నిర్ణయాన్ని నిలబెట్టింది. అయితే ఆ తీర్పును వైస్ చాన్సలర్ తన వివరాల పత్రంలో ఎప్పటికీ చూపాలని కూడా ఆదేశించింది. గడువు దాటినంత మాత్రాన జరిగింది మాసిపోదని కోర్టు ఆ విధంగా చెప్పినట్టయింది. కానీ ఫిర్యాదుదారుకు దక్కాల్సిన విచారణ మాత్రం దక్కలేదు.

ఊరికే ఒక ఉదాహరణ కల్పించుకుని ఈ లెక్కను చివరిదాకా చూద్దాం. మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఆరేళ్లుగా టెస్టింగ్ పనిలో ఉన్న ఉద్యోగిని అనుకోండి. జనవరి 12 రాత్రి మేనేజర్ నుంచి ఆమెకు అసభ్య సందేశాలు వచ్చాయి, ఆమె అభ్యంతరం చెప్పారు. ఫిబ్రవరి 3న ఆమెను ప్రాజెక్టు నుంచి తప్పించి బెంచ్ మీద కూర్చోబెట్టారు. ఫిబ్రవరి 10న ఆమె హెచ్‌ఆర్‌కు మెయిల్ రాశారు, ‘మాట్లాడి చూస్తాం’ అని నోటిమాటగా చెప్పారు తప్ప రాతలో జవాబు లేదు. మార్చి 6న రేటింగు అట్టడుగుకు పడింది. మార్చి 20న ఆమె రాజీనామా చేశారు. తొంభై రోజుల నోటీసు జూన్ 18తో ముగుస్తుంది. సందేశాల నుంచి మూడు నెలలు ఏప్రిల్ 12కు పూర్తవుతాయి. ప్రాజెక్టు మార్పు నుంచి లెక్కేసినా మే 3, రేటింగు నుంచి లెక్కేసినా జూన్ 6. ఏ లెక్క తీసుకున్నా రిలీవ్ అయ్యే రోజుకు మూడు నెలల గడువు అయిపోయి ఉంటుంది. పైగా ప్రాజెక్టు మార్పునూ రేటింగునూ పాలనాపరమైన నిర్ణయాలంటూ పక్కన పెట్టే ప్రమాదం కోల్‌కతా తీర్పు తర్వాత బాగా పెరిగింది కనుక, ఆమె జనవరి 12నే లెక్కకు తీసుకుని ఏప్రిల్ 12లోపు అంతర్గత కమిటీకి విడిగా ఫిర్యాదు ఇవ్వాలి. హెచ్‌ఆర్‌కు రాసిన మెయిలూ, రాజీనామాలో పెట్టిన వాక్యమూ ఆ ఫిర్యాదుకు బదులు కావు. ఉద్యోగం వదిలినా ఆ హక్కు పోదు. చట్టం బాధితురాలిని నిర్వచించేటప్పుడు ఆమె అక్కడ ఉద్యోగి అయినా కాకపోయినా అని స్పష్టంగానే అంది.

ఇక ఆమె రాజీనామా లేఖ. అది ఒక పేజీ దాటకూడదు, ఎనిమిది తొమ్మిది వాక్యాలు చాలు. అందులో సారం ఇలా ఉండవచ్చు: ‘ఈ రాజీనామా నా స్వేచ్ఛా నిర్ణయం కాదు. జనవరి 12 రాత్రి నా మేనేజర్ పంపిన సందేశాలకు అభ్యంతరం చెప్పాను. ఫిబ్రవరి 3న నన్ను ప్రాజెక్టు నుంచి తప్పించారు. ఫిబ్రవరి 10న హెచ్‌ఆర్‌కు రాసిన ఫిర్యాదుకు నేటిదాకా రాతపూర్వక జవాబు రాలేదు. మార్చి 6న నా రేటింగును తగ్గించారు. ఈ పరిస్థితుల్లో ఇక్కడ కొనసాగడం నాకు సాధ్యం కావడం లేదు. నోటీసు కాలం నిబంధన ప్రకారం పనిచేస్తాను. ఈ ఘటనలకు సంబంధించిన మెయిళ్లు, చాట్ సందేశాలు, మీటింగ్ రికార్డులు భద్రపరచాలని కోరుతున్నాను. ఈ లేఖ ద్వారా చట్టం కింద నాకున్న ఏ హక్కునూ, రావలసిన ఏ బాకీనీ వదులుకోవడం లేదు.’ ఇందులో మేనేజర్ ఎలాంటివాడన్న తీర్పు లేదు, ‘ఇది లైంగిక వేధింపు’ అన్న చట్టపు ముద్ర కూడా లేదు. ఆ ముద్ర వేయడం కమిటీ పని. సందేశాల్లోని మాటలు కూడా ఇక్కడ ఎత్తిరాయనక్కర్లేదు, అవి ఫిర్యాదుకు జత చేయాల్సినవి. రికార్డులు భద్రపరచమన్న వాక్యం చిన్నదిగా కనిపించినా చాలా పని చేస్తుంది. ఆ తర్వాత కూడా చాట్‌లు మాయమైతే ‘మాకు తెలియదు’ అనే అవకాశం కంపెనీకి ఉండదు.

చివరి వాక్యం గురించి ఒక జాగ్రత్త. ఇంగ్లిషులో రాసేవారు చాలామంది హక్కులు కాపాడుకున్నామనుకుని లేఖ నెత్తిన ‘వితౌట్ ప్రెజుడిస్’ అని పెద్దక్షరాల్లో పెడతారు. ఆ ముద్ర సాధారణంగా రాజీ సంప్రదింపుల ఉత్తరాలకు వేసేది. ఆ సంప్రదింపుల్లో ఒప్పుకున్న మాటలు తర్వాత కోర్టులో తమ మీదికి రాకూడదన్నది దాని ఉద్దేశం. రాజీనామా లేఖ విషయంలో మన అవసరం దానికి సరిగ్గా వ్యతిరేకం. ఈ లేఖ ఒకరోజు కోర్టులో కనబడాలనే కదా రాస్తున్నది! ఆ ముద్ర వేసి దాన్ని సాక్ష్యంగా తీసుకోవద్దనే వాదనకు మనమే తావివ్వడం తెలివైన పని కాదు. ‘హక్కులు వదులుకోవడం లేదు’ అని మామూలు వాక్యంలో రాస్తే చాలు. అలాగే లేఖ ఎవరికి పంపాలన్నది. చర్య తీసుకునే అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో చేసే ఫిర్యాదుకు పరువునష్టం చట్టంలో మినహాయింపు ఉంది. రెండు వందల మంది టీమ్‌కు కాపీ పెట్టిన మెయిల్‌కు ఆ గొడుగు నిలవడం కష్టం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అసలు రాజీనామా ఎందుకు, ఉద్యోగంలో ఉండే పోరాడవచ్చు కదా అని. చట్టం కోణంలో చూస్తే ఈ మాటలో చాలా నిజముంది. ఉద్యోగంలో ఉన్న మనిషిని తొలగించాలంటే కారణం చూపాల్సింది కంపెనీ. రాజీనామా చేసిన మరుక్షణం ఆ బరువు ఉద్యోగి భుజాల మీదికి వస్తుంది. అందుకే వదిలేయడానికి ముందు వాడుకోవాల్సిన మెట్లను వాడుకోవాలి. పోష్ విచారణ సాగుతుండగా రాతపూర్వకంగా అడిగితే ఫిర్యాదుదారును వేరే చోటికి మార్చమనో, తనకున్న సెలవులకు అదనంగా మూడు నెలల దాకా సెలవు ఇవ్వమనో కమిటీ సిఫార్సు చేయవచ్చు. ఈ వెసులుబాటు గురించి తెలియకనే చాలామంది రాజీనామా వైపు పరుగు తీస్తారు. అడిగినా ఇవ్వకపోతే ఆ నిరాకరణే తర్వాత ‘నాకు వేరే దారి లేకపోయింది’ అన్న మాటకు బలం. మధ్యప్రదేశ్ కేసులో రెండు వినతులు చేసిన పని అదే. అయితే మనిషి ఆరోగ్యం దెబ్బతింటూ ఉంటే చట్టపరమైన లాభం కోసం అక్కడే ఉండమని ఎవరూ చెప్పలేరు. తొందరపడి రాజీనామా చేసి తర్వాత మనసు మార్చుకున్నవారికీ ఒక దారి ఉంది. భవిష్యత్ తేదీ నుంచి అమలయ్యే రాజీనామాను ఆ తేదీ రాకముందే, నిబంధనల్లో వేరేలా లేకపోతే, వెనక్కి తీసుకోవచ్చు. 1977 మే నెలలో ఆగస్టు 1 నుంచి తప్పుకుంటానని రాష్ట్రపతికి రాసిన అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి ఒకరు జులైలో ఆ లేఖను ఉపసంహరించుకుంటే అది చెల్లుతుందని సుప్రీంకోర్టు 1978లో చెప్పింది. ఉద్యోగ వ్యవహారాల్లో ఈనాటికీ ఉదహరించే సూత్రమది. దీనికి మరో ముఖం కూడా ఉంది. ‘ఇది నా ఇష్టం కాదు’ అన్న లేఖ చూసి కంపెనీ ‘సరే, మేనేజర్‌ను మారుస్తాం, వెనక్కి తీసుకోండి’ అని రాస్తే, ఏ కారణమూ చెప్పకుండా కాదనడం కేసును బలహీనపరుస్తుంది. కాదంటే ఎందుకో కూడా రాయాలి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది, ఎందుకంటే అది అన్నం గురించి. ఇలాంటి లేఖ రాస్తే రిలీవింగ్ లెటర్ ఆపుతారు, కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడుతుంది, హైటెక్ సిటీలో అందరికీ అందరూ తెలుసు అంటారు. ఈ భయం ఒట్టిది కాదు. కానీ కృతజ్ఞతల లేఖ రాసినవారికి కూడా రిలీవింగ్ లెటర్ దయ మీదే ఆధారపడి ఉంటుంది, ఆ దయ ఉండకపోతే వారి చేతిలో అడగడానికి ఏమీ మిగలదు. తేదీలతో, నిదానంగా రాసిన లేఖ ఉన్నచోట పత్రాలు ఆపడం కంపెనీకి ఇంకో ఘటనగా మారుతుంది, ఆ సంగతి వారి న్యాయ విభాగానికి తెలుసు. పైన చెప్పిన తొమ్మిది వాక్యాల్లో కొత్త యజమాని చూసి ఉలిక్కిపడేది ఏదీ ఉండకూడదన్నది అందుకే. ఏమీ రాయకుండా వెళ్లాలనుకునేవారికి కూడా మధ్యేమార్గం ఒకటుంది. ‘ఫిబ్రవరి 10 నాటి నా మెయిల్‌లో పేర్కొన్న పరిస్థితుల వల్ల రాజీనామా చేస్తున్నాను’ అన్న ఒక్క వాక్యం. పాత మెయిల్‌ను వేలుపెట్టి చూపిస్తుంది, కొత్తగా ఏ ఆరోపణా చేయదు. ‘వ్యక్తిగత కారణాలు’ అన్న రెండు మాటలకన్నా ఇది వెయ్యిరెట్లు నయం.

యాజమాన్యాల వైపు నుంచి వచ్చే వాదన ఏమిటంటే, పని చేతకాని ప్రతివారూ వెళ్తూ వెళ్తూ ఒక ఆరోపణ పడేసి సంస్థను బెదిరిస్తారని. అలా చేసేవారూ ఉంటారు. కానీ లేఖ దానంతట అదే ఏదీ రుజువు చేయదు. తన కోసం తాను రాసుకున్న కాగితానికి న్యాయస్థానం ఇచ్చే విలువ తక్కువ. అంతకుముందే, గొడవ ఊహించని రోజుల్లో పంపిన మెయిల్‌కు ఇచ్చే విలువ ఎక్కువ. జనవరిలో అభ్యంతరం, ఫిబ్రవరిలో ఫిర్యాదు లేకుండా మార్చిలో ఒక్కసారిగా ఊడిపడిన ఆరోపణ ఎక్కువ దూరం పోదు. తెలిసీ అబద్ధపు ఫిర్యాదు చేస్తే చర్య తీసుకునే నిబంధన పోష్ చట్టంలోనే ఉంది, రుజువు చేయలేకపోవడం మాత్రమే అబద్ధం కాదని కూడా అదే నిబంధన చెబుతుంది. నిజానికి తేదీలు రాయమనడం యాజమాన్యానికీ మేలే. తేదీ ఉన్న ఆరోపణను సరిచూడవచ్చు, ఖండించవచ్చు. ‘విషపూరిత వాతావరణం’ అన్నదాన్ని ఏం పెట్టి ఖండిస్తారు?

లేఖ ఎంత బాగా రాసినా దాని వెనక దక్కే ఫలితానికి హద్దులున్నాయని దాచకూడదు. పాత పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కింద తొలగింపు వివాదాన్ని కార్మిక శాఖ రాజీ అధికారి దగ్గరికి తీసుకెళ్లడానికి రెండేళ్ల గడువుంది, మునుపు మూడేళ్లుండేది. అయితే ఆ దారి ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకి వచ్చేవారికే. మేనేజర్ హోదాలో పనిచేసేవారు దాని బయట ఉంటారు. హోదా పేరు కన్నా నిజంగా చేసే పని ముఖ్యమని కోర్టులు చెబుతూ వచ్చాయి కనుక, కార్డు మీద ‘లీడ్’ అని ఉన్నంత మాత్రాన ఆశ వదులుకోనక్కర్లేదు. మనిషిని బలవంతంగా మరో మనిషి దగ్గర పనిచేయించే ఒప్పందాన్ని కోర్టులు అమలు చేయవు కాబట్టి, ప్రైవేటు సంస్థలో నిజమైన మేనేజర్‌కు మధ్యప్రదేశ్ న్యాయాధికారికి దక్కినట్టు ఉద్యోగం తిరిగి రావడం దాదాపు జరగదు. బాకీలు, నోటీసు సొమ్ము, నష్టపరిహారం, పోష్ కమిటీ సిఫార్సు మీద చర్య, ఇవే అక్కడ వాస్తవికమైన లక్ష్యాలు. లక్ష్యం ఏదో ముందే తెలిస్తే లేఖలో దేన్ని నొక్కి చెప్పాలో తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ వ్యవహారంలో గడియారం ఇంకా వేగంగా తిరుగుతుంది. అక్కడ తట్టుకోలేక చేసిన రాజీనామాను తొలగింపుతో సమానంగా చూసే సూత్రం ఉంది కానీ, వివేకం ఉన్న ఏ మనిషైనా అక్కడ కొనసాగలేనంత దుర్భరంగా పరిస్థితులు ఉండాలని 2004లో అక్కడి సుప్రీంకోర్టు కొలబద్ద పెట్టింది. మామూలు చికాకు దానికి సరిపోదు. 2016లో కొలరాడోకు చెందిన ఒక పోస్ట్‌మాస్టర్ కేసులో, అలాంటి రాజీనామాకు ఫిర్యాదు గడువు చివరి పనిదినం నుంచి కాదు, రాజీనామా చేస్తున్నానని తెలియజేసిన రోజు నుంచే మొదలవుతుందని అదే కోర్టు చెప్పింది. ప్రైవేటు ఉద్యోగికి వివక్ష ఫిర్యాదుకు రాష్ట్రాన్ని బట్టి 180 లేదా 300 రోజులు. హెచ్‌1బి మీదున్నవారికి ఉద్యోగం ముగిశాక దేశంలో ఉండి కొత్త దారి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. రాజీనామా బటన్ నొక్కేముందు ఈ రెండు లెక్కలూ ఒకే కాగితం మీద వేసుకోవాలి.

జాగ్రత్తగా రాసిన లేఖ కూడా చివరి రోజున వృథా కావడం తరచూ జరుగుతుంది. ల్యాప్‌టాప్ అప్పగించగానే మెయిళ్లు పోతాయి. అలాగని కంపెనీ ఫైళ్లన్నీ సొంత మెయిల్‌కు పంపుకుంటే గోప్యతా ఒప్పందం ఉల్లంఘించారని ఎదురుకేసు సిద్ధం. తనకు వచ్చిన, తాను పంపిన ఫిర్యాదు మెయిళ్ల వరకు ప్రింట్ తీసుకుని, ఏ తేదీ ఏ విషయమో ఒక పట్టిక రాసుకుని, సొంత ఫోన్‌లో ఉన్న సందేశాలను చెరపకుండా ఉంచుకోవడం సురక్షితం. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కావాలి కనుక, స్క్రీన్‌షాట్ ఉంది కదా అని అసలు ఫోన్ అమ్మేయకూడదు. తర్వాత ఎగ్జిట్ ఇంటర్వ్యూ పత్రం వస్తుంది, అందులో కారణం గడిలో ‘నా రాజీనామా లేఖ చూడండి’ అని రాస్తే లేఖకూ ఈ పత్రానికీ పొసగకపోవడం అనే చిక్కు రాదు. చివర్లో ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం. కొత్త వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారికి రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి, దానికోసం వేరే హామీ రాసివ్వాల్సిన పని లేదు. అయినా కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ‘సంస్థ మీద నాకు ఎలాంటి క్లెయిములు లేవు, ఇకపై ఉండవు’ అన్న వాక్యం ఉంటుంది. చదివి, ఆ వాక్యం కొట్టేయమని అడగాలి. కొట్టేయకపోతే సంతకం పక్కన ‘మొత్తం నిరసనతో స్వీకరించాను, మార్చి 20 నాటి లేఖలో చెప్పిన హక్కులు అలాగే ఉన్నాయి’ అని చేత్తో రాసి, తేదీ వేసి, ఆ పేజీని అక్కడే ఫొటో తీసుకోవాలి.